టెస్టోస్టెరాన్ సూది, ఆగిపోయిన వీర్యకణాలు

1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రయోగ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. ఏడు దేశాల్లోని పది కేంద్రాల్లో 271 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు వారానికోసారి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ సూది వేశారు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్లలో 157 మంది వీర్యంలో ఒక్క కణం కూడా లేకుండా పోయింది. ఆ తర్వాత 119 మంది ఏడాది పాటు వేరే ఏ గర్భనిరోధక సాధనమూ వాడకుండా ఈ సూది మీదే ఆధారపడి కాపురం చేశారు. మొత్తం మీద నిలిచిన గర్భం ఒక్కటి. అంటే ఆ ప్రయోగంలో టెస్టోస్టెరాన్‌ను పరీక్షించింది మగవాళ్లు వాడే కుటుంబ నియంత్రణ మందుగా. ఆ పనికి అది బాగానే పనికొచ్చింది. ఈ రోజు జిమ్‌లో కొత్తగా ‘సైకిల్’ మొదలుపెట్టే కుర్రాడికి చెప్పే మోతాదు వారానికి 400, 500 మిల్లీగ్రాములు ఉంటుంది. పైగా అది ఒక్కటే తీసుకోవడం అరుదు. కాబట్టి స్టెరాయిడ్ల వల్ల వీర్యకణాలు తగ్గిపోవడాన్ని ‘సైడ్ ఎఫెక్ట్’ అనడం పొరపాటు. ఆ మందు శరీరంలో చేసే ప్రధానమైన పనుల్లో అదొకటి. ఇక ఆపేశాక ఉత్పత్తి మళ్లీ మొదలవుతుందా అన్నది రెండో ప్రశ్న. చాలామందిలో మొదలవుతుంది. అయితే అలా మొదలుపెట్టించేది ఎక్కువగా కాలమే. మందులు ఆ కాలాన్ని ఎంత తగ్గిస్తాయో చెప్పే రుజువులు, ఆ మందుల మీద జనానికున్న నమ్మకమంత గట్టిగా లేవు.

ముందు ఉత్పత్తి ఎందుకు ఆగుతుందో చూడాలి. మెదడు అడుగునున్న హైపోథలామస్ గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి చిన్న సంకేతం పంపుతుంది. దాన్ని అందుకుని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఎల్‌హెచ్ వృషణంలోని లేడిగ్ కణాల చేత టెస్టోస్టెరాన్ చేయిస్తుంది. వీర్యకణాలను పెంచి పోషించే సెర్టోలీ కణాలను ఎఫ్‌ఎస్‌హెచ్ నడిపిస్తుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ చాలినంత ఉందనిపించగానే పై నుంచి వచ్చే సంకేతాలు తగ్గుతాయి. మిద్దె మీది ట్యాంకులో ఫ్లోట్ వాల్వు చేసేదీ ఇదే పని. నీళ్లు మోటారు నుంచి వచ్చాయా, బయట నుంచి తెచ్చి పోశారా అన్నది వాల్వుకు తెలియదు. ట్యాంకు నిండితే అది మూసుకుంటుంది. సూదితో వచ్చిన టెస్టోస్టెరాన్‌ను చూసి మెదడూ అలాగే ఎల్‌హెచ్‌ను, ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఆపేస్తుంది.

రక్తం నిండా టెస్టోస్టెరాన్ ఉండగా వృషణానికి కరువేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. వృషణం లోపల ఉండాల్సిన టెస్టోస్టెరాన్ రక్తంలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికాలో కొవియెల్లో బృందం 2005లో ప్రచురించిన కొలతల ప్రకారం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది సుమారు 80 రెట్లు. ఆ గాఢత అక్కడికక్కడే తయారవ్వాలి తప్ప రక్తంలోంచి తెచ్చిపోస్తే రాదు. అదే పరిశోధనలో వారానికి 200 మిల్లీగ్రాముల ఎనాంథేట్ వేస్తే మూడు వారాల్లోనే వృషణం లోపలి టెస్టోస్టెరాన్ 94 శాతం పడిపోయింది. రక్తపరీక్షలో మాత్రం అంకె దివ్యంగా ఉంటుంది. మనిషి కండపడతాడు, గడ్డం దట్టమవుతుంది, కోరికా బాగానే ఉంటుంది. స్ఖలనంలో ద్రవమూ మామూలుగానే వస్తుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం ప్రోస్టేటు, సెమినల్ గ్రంథులు తయారుచేసేదే. కణాలు లేవన్న సంగతి మైక్రోస్కోపు కింద పెడితే గానీ తెలియదు. ‘నా టెస్టోస్టెరాన్ రిపోర్టు 1200 వచ్చింది, నాకు పిల్లలు పుట్టకపోవడమేంటి’ అన్న వాదన నిలవకపోయేది ఇక్కడే. ఆ 1200 బయటి సరుకు. అది ఎంత ఎక్కువగా కనిపిస్తే లోపలి ఉత్పత్తి అంత గట్టిగా ఆగిపోయి ఉంటుంది.

ఈ విషయంలో తప్పంతా జిమ్ కుర్రాళ్ల మీదికి నెట్టేయడం న్యాయం కాదు. వైద్యుల చరిత్రా ఇందులో కలిసి ఉంది. 1950లో అమెరికన్ వైద్యుడు కార్ల్ హెలర్, పిల్లలు కలగని మగవాళ్లకు కావాలనే టెస్టోస్టెరాన్ ఇచ్చి, కణాల ఉత్పత్తిని ఆపి, తర్వాత మందు మానేస్తే అది మునుపటికన్నా ఎక్కువగా ఎగసి వస్తుందని ప్రతిపాదించాడు. ‘రీబౌండ్’ చికిత్స పేరుతో దాన్ని చాలా ఏళ్లు వాడారు. తర్వాత జరిగిన నియంత్రిత పరీక్షల్లో దానివల్ల గర్భాలు పెరిగిన దాఖలా కనిపించలేదు. అయినా ఆ ఆలోచన పూర్తిగా పోలేదు. అమెరికన్ యూరాలజిస్టుల మధ్య జరిగిన ఒక సర్వే 2012లో అచ్చయింది. కారణం తెలియని మగ వంధ్యత్వానికి టెస్టోస్టెరాన్ రాస్తామని అందులో సుమారు నాలుగో వంతు మంది చెప్పారు. అంటే పిల్లల కోసం వచ్చినవాడి చేతికి గర్భనిరోధక మందు ఇస్తున్నారన్నమాట. పిల్లలు కావాలనుకుంటున్న వ్యక్తికి టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదని ఇప్పుడు అమెరికన్ యూరాలజీ సంఘమూ, ఎండోక్రైన్ సొసైటీ కూడా మార్గదర్శకాల్లో రాతపూర్వకంగా చెబుతున్నాయి. జెల్ అయినా, మూడు నెలలకోసారి వేసే అండెకనోయేట్ సూది అయినా, ‘వయసుతో తగ్గిన టెస్టోస్టెరాన్‌కు’ అని ఇచ్చేది అయినా ఆ మాట ఒకేలా వర్తిస్తుంది.

‘నాకు తెలిసినవాడు ఇద్దరు పిల్లలు పుట్టేదాకా సూదులు వేసుకుంటూనే ఉన్నాడు’ అన్నది తరచూ వినపడే అభ్యంతరం. అది అబద్ధం కానక్కర్లేదు. 1990 ప్రయోగంలోనే ఆరు నెలల్లో అందరికీ సున్నా రాలేదు. కొందరిలో కణాలు బాగా తగ్గాయి, కొందరిలో పెద్దగా తగ్గలేదు. చైనా, ఇండోనేసియా మగవాళ్లలో ఉత్పత్తి దాదాపు అందరికీ ఆగిపోతే, యూరప్ సంతతివాళ్లలో మూడింట ఒక వంతు మందిలో ఎంతో కొంత మిగిలింది. ఎవరిలో మిగులుతుందో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. కాబట్టి ఆ మిత్రుడి ఇద్దరు పిల్లలు అతని శరీర స్వభావం గురించి చెబుతారు గానీ, మందు గురించి ఏమీ చెప్పరు. ఇదే సంగతిని తిప్పి చూస్తే, ‘స్టెరాయిడ్లు వాడుతున్నాను కదా’ అని జాగ్రత్తలు మానేయడమూ అంతే పొరపాటు.

ఇక ఆపాక ఏం జరుగుతుందన్న ప్రశ్న. దీనికి అందరూ చూపించేది 2006లో పీటర్ లియు బృందం లాన్సెట్‌లో ప్రచురించిన సమీకృత విశ్లేషణ. 30 గర్భనిరోధక ప్రయోగాల్లో పాల్గొన్న 1,549 మంది వివరాలను వాళ్లు ఒకచోట చేర్చారు. సూదులు ఆపాక కణాల సంఖ్య మిల్లీలీటరుకు 2 కోట్లకు చేరడానికి సగం మందికి మూడున్నర నెలల లోపే సరిపోయింది. ఆరు నెలల్లో 67 శాతం, ఏడాదిలో 90 శాతం, రెండేళ్లలో అందరూ ఆ గీత దాటుతారని వాళ్ల అంచనా. ఈ ‘రెండేళ్లలో నూరు శాతం’ అన్న మాటను జిమ్ ట్రైనర్లూ వాడుకుంటారు, కొందరు డాక్టర్లూ వాడుకుంటారు. కానీ ఆ 1,549 మంది ఎవరన్నది చూడాలి. మొదట వీర్యపరీక్ష బాగున్నవాళ్లనే ఎంపిక చేశారు. వాళ్లు వాడింది వైద్యుల పర్యవేక్షణలో, గర్భనిరోధానికి సరిపోయేంత మోతాదులో. వాడిన కాలం నెలల లెక్కలో ఉంది, ఒకటి రెండేళ్లు దాటడం అరుదు. సైకిల్ మీద సైకిల్ అయిదారేళ్లు సాగించినవాడికీ, రెండు మూడు మందులు కలిపి వేసుకున్నవాడికీ, అసలు మొదటినుంచే కణాలు తక్కువగా ఉండి ఆ సంగతి తనకే తెలియనివాడికీ ఈ లెక్కను యథాతథంగా అంటగట్టకూడదు. త్వరగా కోలుకోవడానికి తోడ్పడినవంటూ ఆ విశ్లేషణే చెప్పినవాటిలో తక్కువ కాలం వాడటం, త్వరగా కరిగిపోయే మందు వాడటం, ముందునుంచే కణాలు ఎక్కువగా ఉండటం ఉన్నాయి. ఈ మూడూ జిమ్ వాడకందార్ల వైపు మొగ్గేవి కావు.

కండల కోసం వాడేవాళ్లనే నేరుగా పరిశీలించిన అధ్యయనాలు తక్కువ. నెదర్లాండ్స్‌లో హార్లెమ్ పేరుతో జరిగిన అధ్యయనంలో, తమంతట తామే సైకిల్ మొదలుపెడుతున్న 100 మందిని వాడకముందూ, వాడుతుండగా, ఆపాకా పరీక్షించారు. వాడుతున్నప్పుడు కణాలు బాగా పడిపోయాయి. అనుసరణ ముగిసేనాటికి సగటు అంకెలు మొదటి స్థాయి దగ్గరికి వచ్చాయి, అయితే కొద్దిమంది వెనకబడే ఉన్నారు. ఆ మొదటి స్థాయిని చూసినప్పుడు ఒక సంగతి మరవకూడదు. వాళ్లలో చాలామంది అంతకుముందే సైకిళ్లు చేసినవాళ్లు, కాబట్టి దాన్ని ఏ మందూ ముట్టని స్థితి అనుకోవడానికి వీల్లేదు. ఆస్ట్రేలియాలో దీర్ఘకాలం వాడి మానేసినవాళ్లను చూసిన మరో అధ్యయనంలో ఎల్‌హెచ్ కోలుకోవడానికి సగటున దాదాపు 11 నెలలు, కణాల ఉత్పత్తికి 14 నెలలు పట్టినట్టు అంచనా వేశారు. డెన్మార్క్‌లో మానేసి సగటున రెండేళ్లు దాటినవాళ్లను పరీక్షిస్తే, ఎప్పుడూ వాడనివాళ్లకన్నా వాళ్ల టెస్టోస్టెరాన్ తక్కువగానే ఉంది. ఈ మూడింటినీ కలిపి చదివితే నాకు తోచేది ఇది: శాశ్వతంగా నపుంసకులైపోతారన్న బెదిరింపు అతి, మూడు నెలల్లో అంతా సర్దుకుంటుందన్న భరోసా అంతకన్నా పెద్ద అతి. చాలామంది కోలుకుంటారు, కానీ ఆ కాలాన్ని నెలల్లో కాక ఏడాది, ఏడాదిన్నర అని లెక్కపెట్టుకోవాలి.

ఒక కల్పిత ఉదాహరణ కట్టుకుని చూస్తే ఈ లెక్క స్పష్టపడుతుంది. వయసు 33, పెళ్లై మూడేళ్లు, భార్యకు 31. పిల్లలు కలగడం లేదని మన దగ్గర రివాజు ప్రకారం మొదట భార్యకే స్కానింగులు, ట్యూబ్ టెస్టులు అన్నీ అయ్యాయి. చివర్లో భర్త వీర్యపరీక్ష చేస్తే ద్రవం రెండున్నర మిల్లీలీటర్లు, కణాలు సున్నా. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున పేరుకున్నదాన్ని చూసినా, రెండోసారి ఇచ్చిన శాంపిల్‌లోనూ అదే ఫలితం. రక్తంలో ఎల్‌హెచ్ 0.1 కన్నా తక్కువ, ఎఫ్‌ఎస్‌హెచ్ 0.1 కన్నా తక్కువ, టెస్టోస్టెరాన్ 1,800. హెమటోక్రిట్ 54, వృషణాలు మెత్తబడి 10 మిల్లీలీటర్లకు తగ్గాయి. ఈ రిపోర్టు చూశాక అనుభవమున్న వైద్యుడికి ఇంకే పరీక్షా అక్కర్లేదు. నాళాలు మూసుకుపోయినవాడికి హార్మోన్లు మామూలుగా ఉంటాయి. వృషణాలు దెబ్బతిన్నవాడికి పిట్యూటరీ గట్టిగా కేకలు వేస్తుంది కనుక ఎఫ్‌ఎస్‌హెచ్ పెరుగుతుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ నేలకంటి, టెస్టోస్టెరాన్ ఆకాశంలో ఉందంటే అది బయట నుంచి వస్తున్నట్టే. ఇక్కడ తరచూ పప్పులో కాలేసే చోటు ఒకటుంది. మనిషి నాండ్రొలోన్ లాంటివి మాత్రమే వాడుతుంటే టెస్టోస్టెరాన్ కూడా చాలా తక్కువగా వస్తుంది, ఎందుకంటే ల్యాబు కొలిచేది టెస్టోస్టెరాన్‌నే తప్ప దాని చుట్టాలను కాదు. అప్పుడు అది పిట్యూటరీ జబ్బులా కనిపించి మెదడుకు ఎమ్మారై దాకా వెళ్లిపోతారు. చేతినిండా కండ ఉన్న మనిషికి టెస్టోస్టెరాన్ 50 వచ్చిందంటే, ఎమ్మారైకి రాసేముందు తలుపు వేసి, భార్యనూ తల్లినీ బయట కూర్చోబెట్టి నెమ్మదిగా అడగడం మేలు. డాక్టరు మందలించే ధోరణిలో అడిగితే నిజం బయటకు రాదు.

మన ఉదాహరణలోని వ్యక్తి రెండేళ్లుగా వారానికి 500 మిల్లీగ్రాముల ఎనాంథేట్, దాంతోపాటు నాండ్రొలోన్ డెకనోయేట్ వేసుకున్నాడనుకుందాం. సైకిళ్ల మధ్య పూర్తిగా ఆపకుండా తక్కువ మోతాదులో కొనసాగించాడు. దాన్నే వాళ్లు ‘క్రూజ్’ అంటారు. అంటే రెండేళ్లలో అతని పిట్యూటరీకి ఒక్క నెల కూడా ఊపిరాడలేదు. చివరి సూది వేసుకున్న రోజే ఆపినట్టు కాదు. ఎనాంథేట్ దాదాపు వారానికి సగం చొప్పున తగ్గుతూ అయిదారు వారాలు తీసుకుంటుంది. డెకనోయేట్ నూనెలోంచి ఇంకా నెమ్మదిగా కారుతుంది. కణాల విషయానికొస్తే, ఒక మూలకణం పూర్తి వీర్యకణంగా మారడానికి సుమారు 74 రోజులని 1960లలో తేల్చింది ఆ హెలర్, క్లెర్మోంట్‌లే. రీబౌండ్ సిద్ధాంతంలో తప్పిన హెలర్ ఈ కొలతలో మాత్రం తప్పలేదు. దానికి ఎపిడిడిమిస్‌లో గడిచే రోజులు కలిపితే మూడు నెలలు. కాబట్టి ఆపిన నెలకే వీర్యపరీక్ష చేసి సున్నా చూసి బెంబేలెత్తడం అనవసరం. మందు కరగడానికి రెండు నెలలు, పిట్యూటరీ మేలుకోవడానికి కొన్ని నెలలు, ఆ మీద కణం తయారవడానికి మూడు నెలలు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవే, ఏదీ తప్పించుకునేది కాదు.

వీటిలో అన్నిటికన్నా కష్టమైంది రెండో నెల నుంచి. బయటి మందు అయిపోయింది, లోపలిది మొదలు కాలేదు. టెస్టోస్టెరాన్ 150కి, 100కి పడిపోతుంది. నీరసం, దిగులు, నిద్ర పట్టకపోవడం, కోరిక చచ్చిపోవడం. చేయి చూసుకుంటే కండ కరిగిపోతున్నట్టుంటుంది. మళ్లీ సూది పట్టేది ఎక్కువమంది ఇక్కడే. చికిత్స ఎందుకన్న ప్రశ్నకు నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన జవాబు కూడా ఇక్కడే ఉంది. చికిత్సలో మొదటిది హెచ్‌సీజీ. గర్భిణి శరీరంలో తయారయ్యే ఈ హార్మోను ఎల్‌హెచ్ చేసే పనినే చేస్తుంది. పిట్యూటరీ నిద్రలో ఉన్నా, దీన్ని రోజు విడిచి రోజు 2,000 నుంచి 3,000 యూనిట్ల దాకా చర్మం కింద ఇస్తే లేడిగ్ కణాలు పని మొదలుపెడతాయి, వృషణం లోపలే టెస్టోస్టెరాన్ పుడుతుంది. దానికి తోడుగా క్లోమిఫీన్ 25 లేదా 50 మిల్లీగ్రాములు ఇస్తారు. టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా మారి మెదడుకు ‘చాలు’ అని చెబుతుంది, క్లోమిఫీన్ ఆ మాట మెదడుకు వినపడకుండా అడ్డుకుంటుంది. ఈస్ట్రోజెన్ మరీ పెరిగి రొమ్ములు సలిపితే అనస్ట్రోజోల్ జోడిస్తారు. నాలుగైదు నెలలైనా ఎఫ్‌ఎస్‌హెచ్ లేవకపోతే దాన్నే సూదిగా, 75 నుంచి 150 యూనిట్లు వారానికి మూడుసార్లు ఇస్తారు. ఇది ఖరీదైనది. నెలనెలా ఖర్చు భరించలేక మధ్యలో వదిలేసేవాళ్లూ ఉంటారు. మన దేశంలో ఇవన్నీ డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందులు. స్టెరాయిడ్లు అమ్మే మెడికల్ షాపులోనే చీటీ లేకుండా ఇవీ దొరుకుతుండటం వల్లే సొంత వైద్యం ఇంతగా పాకింది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. హెచ్‌సీజీ మీద ఉండగా టెస్టోస్టెరాన్ 600 వచ్చిందంటే సంబరపడతారు. ఆ 600ను చూసి పిట్యూటరీ ఇంకా పడుకునే ఉంటుంది. ఎందుకంటే దాని లెక్కలో ట్యాంకు నిండుగానే ఉంది. ఆ సమయంలో కొలిచిన ఎల్‌హెచ్‌కు అర్థం లేదు. హెచ్‌సీజీ కణాల ఉత్పత్తికి సాయపడవచ్చు, కానీ మెదడుకూ వృషణానికీ మధ్య తెగిన మాటను అది కలపదు. ఆ మాట కలిసిందా లేదా అన్నది అన్ని మందులూ ఆపి, కొన్ని వారాలు ఆగి చేసిన పరీక్షలోనే తెలుస్తుంది. జిమ్ భాషలో ‘పీసీటీ’ అనే సైకిల్ అనంతర కోర్సుతో వచ్చిన చిక్కు ఇదే. నాలుగు వారాలు టామోక్సిఫెన్, క్లోమిఫీన్ మింగి ‘రికవర్ అయ్యాను’ అనుకుని కొత్త సైకిల్ మొదలుపెడతారు. 74 రోజులు పట్టే పనిని నాలుగు వారాల మాత్రలు ఎలా పూర్తిచేస్తాయి? పైగా చాలాసార్లు ఆ మాత్రలు మొదలయ్యే నాటికి నూనెలో ఉన్న మందు ఇంకా రక్తంలోకి వస్తూనే ఉంటుంది.

మరి వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే చికిత్సకు రుజువేమిటి? అమెరికాలో వెంకర్ బృందం 2015లో 49 మంది గురించి రాసింది. హెచ్‌సీజీ 3,000 యూనిట్లు రోజు విడిచి రోజు, దాంతో క్లోమిఫీనో మరొకటో ఇస్తే 47 మందిలో కణాలు తిరిగి వచ్చాయి, లేదా పెరిగాయి. సగటున నాలుగున్నర నెలలు పట్టింది. 2017లో కోన్ బృందం 66 మందిని చూసింది. కదిలే కణాలు మొత్తం 50 లక్షలు దాటాలన్న గీతను ఏడాదిలో చేరినవాళ్లు 70 శాతం. వయసు పెరిగినకొద్దీ, వాడిన కాలం పెరిగినకొద్దీ ఆలస్యం పెరిగింది. ఈ అంకెలు బాగానే ఉన్నాయి. కానీ రెండింటిలోనూ మందు ఇవ్వకుండా కేవలం ఎదురుచూసిన జట్టు లేదు. ఏ మందూ లేకుండా ఏడాదిలో 90 శాతం కోలుకున్నట్టు లియు విశ్లేషణ చెబుతుండగా, మందు వేసుకున్నవాళ్లలో 70 శాతం కోలుకుంటే అది మందు గొప్పా, కాలం గొప్పా? రెండు గుంపులూ ఒకటి కావు కనుక ఇలా పోల్చడమూ పూర్తిగా సరికాదు. ఆస్పత్రికి వచ్చేది సమస్య ముదిరినవాళ్లే. తేల్చాలంటే సగం మందికి మందు, సగం మందికి ఉత్తి సూది ఇచ్చి చూసే పరీక్ష కావాలి. పిల్లల కోసం తహతహలాడుతున్న దంపతులను ఉత్తి సూది జట్టులో ఏడాది ఉంచడం కష్టం, అందుకే ఈ ఖాళీ ఇంకా అలాగే ఉంది.

అలాగైతే మందు ఎందుకు, ఆగితే సరిపోదా అని అడగవచ్చు. భార్యకు 26 ఏళ్లు, ఇద్దరికీ తొందర లేదు, వాడింది ఒకే సైకిల్ అయితే ఆగడమే సరైన వైద్యమని నా అభిప్రాయం. మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటే చాలు. భార్యకు 36 అయితే లెక్క మారిపోతుంది. మగవాడి కణాలు 14 నెలలకు తిరిగి వస్తే సంతోషమే, కానీ ఆ 14 నెలల్లో ఆమె అండాల నిల్వ తగ్గుతూనే ఉంటుంది, ఆ నష్టాన్ని ఏ మందూ పూడ్చదు. అప్పుడు రుజువు అరకొరగా ఉన్నా హెచ్‌సీజీ మొదలుపెట్టడం సమంజసం. మొదటిసారి కొన్ని వేల కణాలు కనిపించినా వాటిని వెంటనే గడ్డకట్టించి దాచుకోవాలి. ఇక్సీ పద్ధతికి ఒక్కో అండానికి ఒక్కో కణం చాలు, కోట్లు అక్కర్లేదు. దీనికి పూర్తి విరుద్ధంగా, ఇంకా సూది మీదే ఉన్న మనిషి వృషణాన్ని కోసి కణాల కోసం వెతకడం తొందరపాటు పని. ఆపి కొన్ని నెలలు ఆగితే మామూలుగానే దొరికే వాటి కోసం ఆపరేషన్ చేసినట్టవుతుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చూడకుండా సున్నా రిపోర్టు ఒక్కటే పట్టుకుని సంతాన సాఫల్య కేంద్రం ఆపరేషన్ తేదీ ఇస్తే, ఆ రెండు పరీక్షలూ చేయించమని అడగడం దంపతుల హక్కు.

కోలుకోని కొద్దిమంది సంగతి వేరు. అన్నీ ఆపి ఏడాది దాటాక ఎఫ్‌ఎస్‌హెచ్ సున్నా నుంచి లేచి 15, 20 అయింది, కణాలు మాత్రం రాలేదనుకుందాం. అంటే సంకేతం తిరిగి వచ్చింది, అందుకోవాల్సిన వృషణం అందుకోవడం లేదు. దానికి స్టెరాయిడ్లు కారణం కాకపోవచ్చు. క్లైన్‌ఫెల్టర్ లాంటి క్రోమోజోమ్ లోపమో, వై క్రోమోజోములో చిన్న ముక్క లేకపోవడమో ముందునుంచే ఉండి, సూదుల చాటున దాగి ఉండవచ్చు. ఆ జన్యుపరీక్షలు చేయాల్సింది అప్పుడే. వాటి ఫలితాన్ని బట్టే మైక్రోస్కోపు కింద వృషణంలో వెతికే ఆపరేషన్‌తో లాభం ఉందా లేదా అన్నది తేలుతుంది. వాడకముందు ఒక్కసారైనా వీర్యపరీక్ష చేయించుకున్నవాళ్లు దాదాపు ఉండరు కాబట్టి, మందు ఎంత పాడుచేసింది, పుట్టుకతోనే ఎంత తక్కువ అన్నది చాలామంది విషయంలో తేలకుండానే మిగిలిపోతుంది.

చివరిగా చెప్పాల్సింది కండల కోసం కాకుండా జబ్బు వల్ల టెస్టోస్టెరాన్ అవసరమైనవాళ్ల గురించి. పిట్యూటరీ కణితి ఆపరేషన్ అయినవాడికో, రెండు వృషణాలూ బలహీనపడినవాడికో ఆ మందు తప్పదు, మానేయమనడం క్రూరత్వం. వాళ్ల విషయంలో కొవియెల్లో పరిశోధన ఒక దారి చూపించింది. అదే 200 మిల్లీగ్రాముల సూదితో పాటు హెచ్‌సీజీ 250 యూనిట్లు రోజు విడిచి రోజు ఇస్తే వృషణం లోపలి టెస్టోస్టెరాన్ దాదాపు మామూలుగానే నిలిచింది. 500 యూనిట్లు ఇస్తే మునుపటికన్నా కాస్త పెరిగింది. 2013లో హ్సే బృందం 26 మందికి టెస్టోస్టెరాన్‌తో పాటు ఆ 500 యూనిట్లు ఇచ్చి చూస్తే ఎవరికీ కణాలు సున్నా కాలేదు, తొమ్మిది మంది తండ్రులయ్యారు. ఇరవై ఆరు అన్నది చిన్న సంఖ్య. పైగా వృషణాలే పాడైనవాడికి హెచ్‌సీజీ ఎంత ఇచ్చినా పలికే కణాలు ఉండవు. ఇలాంటి రోగికి మొదటి సూది వేసే ముందే వీర్యపరీక్ష చేసి, కణాలుంటే రెండు మూడు శాంపిళ్లు గడ్డకట్టించి పెట్టడం వైద్యుడి బాధ్యత. టెస్టోస్టెరాన్ రాసే చీటీలోనే, దానికన్నా ముందు వరుసలో, ఆ పరీక్ష కూడా ఉండాలి.